గిరి అతను అలసిపోయాడని అనుకున్నాడు: ఇంతకీ అలసిపోయింది ఎవరు?

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు కథలు రాసుకుంటున్నాను. ఒక పెద్దాయన నా కథ చదివి, "ఎవరు ఎవరితో ఏమన్నారో, ఎవరేమనుకున్నారో తెలియడం లేదమ్మా, నీ 'అని'లు ఒకసారి చూసుకో" అన్నారు. నాకు అన్నీ సరిగ్గానే కనిపిస్తున్నాయి. ఈ పేరాలో తప్పేంటి? మొత్తం కథని ఎలా సరిచూసుకోవాలి?

"గిరి ఇంటికి వచ్చేసరికి ఎనిమిదైంది. సునీత సాయంత్రం ఓనర్ ఫోన్ చేశాడని చెప్పింది. రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయాలని చెప్పాడు. గిరి అతను చాలా అలసిపోయాడని అనుకున్నాడు. అతను రేపు మాట్లాడతాడని చెప్పాడు. ఆమె కోపంగా ఉందని అడిగాడు. సునీత ఏమీ మాట్లాడలేదు. అడ్వాన్స్ తిరిగి ఇవ్వడని ఆమె భయపడింది."

---

ముందు నాలుగో వాక్యం చూడండి. "గిరి అతను చాలా అలసిపోయాడని అనుకున్నాడు." మీ మనసులో అలసిపోయింది గిరి. ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చాడు కదా. కానీ తెలుగు చదివేవాళ్ళకి ఇక్కడ అలసిపోయింది ఓనర్. పాపం ఫోన్ చేసి చేసి అలసిపోయి ఉంటాడని గిరి జాలిపడుతున్నట్టు ఉంది.

కారణం "అలసిపోయాడు" చివర ఉన్న "డు". తెలుగులో ఎవరి మాటనైనా, ఎవరి ఆలోచననైనా "అని" పెట్టి చెప్పేటప్పుడు లోపలి క్రియ ఆ మనిషి నోట్లో ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. గిరి తన గురించి తాను అనుకుంటే "అలసిపోయాను" అనే అనుకుంటాడు. దానికి "అని" తగిలిస్తే "అలసిపోయానని". కథ చెప్పేది మీరైనా, గిరి మీకు "అతను" అయినా, ఆ "ను" మారదు. అది "డు"గా మారిన క్షణంలో గిరి ఇంకెవరి గురించో అనుకుంటున్నాడని అర్థం. "రవి వస్తానని చెప్పాడు" అంటే వచ్చేది రవి. "రవి వస్తాడని చెప్పాడు" అంటే రవి రావడం గురించి వేరెవరో చెప్పారు, లేదా రవి ఇంకొకడు వస్తాడని చెప్పాడు. ఈ తేడా మనకి ఎవరూ నేర్పలేదు, మాట్లాడేటప్పుడు ఎవరూ తప్పరు కూడా. మీరు ఫోన్‌లో మీ అమ్మగారితో "ఆయన రేపు వస్తానన్నారమ్మా" అంటారే గానీ, మీ ఆయన గురించే చెబుతూ "ఆయన వస్తారన్నారు" అనరు.

రాసేటప్పుడే ఎందుకు తప్పుతోందంటే, మనలో చాలామందికి రోజంతా ఆఫీసులో నడిచేది ఇంగ్లీషు. అందులో చెప్పినవాడు తన గురించి చెప్పుకున్నా లోపల మళ్ళీ "అతను" అనే వస్తుంది. కథ రాయడానికి కూర్చున్నాక చెయ్యి ఆ దారినే పోతుంది. మీ ఊళ్ళో ఆటో ఆయన్ని అడిగినా "బర్తీని అంత హేళిద" అంటాడు. "వస్తాను అని చెప్పాడు", అదే కట్టు. చెన్నైలో అయితే "వరేన్ను సొన్నాన్". సంస్కృతంలో "ఇతి" కూడా ఇలాగే చెప్పిన మాటని ఉన్నదున్నట్టు ఉంచి దాని వెనకాల నిలబడుతుంది. కాబట్టి మీ చుట్టూ ఉన్న కన్నడం, తమిళం ఇందులో మీ తెలుగుని చెడగొట్టవు. అనుమానం వస్తే కన్నడంలో అనుకుని చూసుకున్నా సరిపోతుంది.

మరి మాట ఎవరిదో స్పష్టంగా చెప్పాల్సి వస్తే? అందుకే "తను" ఉంది. "తను అలసిపోయానని గిరి అనుకున్నాడు." ఇది వింతగా కనిపిస్తుంది. "తను" చూస్తే మూడో మనిషి, క్రియ చూస్తే "నేను" అంటున్నట్టు. కానీ అసలైన తెలుగు వాక్యం అదే. బడిలో ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంగా మార్చమంటే మనం చేసిందీ ఇదే: "నేను రాను" అని రాముడు అన్నాడు అనేదాన్ని "తాను రానని రాముడు అన్నాడు" అని రాశాం. సర్వనామం మారింది, క్రియ కదలలేదు. చాలామంది ప్రూఫ్ చూసేవాళ్ళు ఇక్కడ "తను... నని" కలవలేదనుకుని "తను అలసిపోయాడని" అని దిద్దేస్తారు. దిద్దనివ్వకండి.

గౌరవవాచకంలో ఇది ఇంకా తేలిగ్గా జారిపోతుంది. "మేనేజర్ గారు సోమవారం వస్తారని చెప్పారు" అని రాస్తే వచ్చేది ఇంకెవరో పెద్దమనిషి. మేనేజరే వస్తే "వస్తానని చెప్పారు". ఆయన మీద మనకున్న గౌరవం బయటి "చెప్పారు"లో ఉంటుంది. ఆయన తనకి తాను గారు పెట్టుకోడు కదా, లోపల "వస్తాను" అనే అంటాడు. అలాగే బంధువులు పదిమంది కలిసి వస్తుంటే "వస్తామన్నారు". "వస్తారన్నారు" అని రాస్తే వచ్చేవాళ్ళు వేరు, చెప్పినవాళ్ళు వేరు.

నాకు ఈ పాఠం తల వంచుకునేలా చేసి నేర్పిన సంగతి ఒకటుంది. ఇరవయ్యేళ్ళ కిందట బెంగళూరులో ఒక తెలుగు సంఘం ఉగాది సంచికకి నేను ప్రూఫులు చూశాను. ఒక కథలో పెద్దమ్మాయి, తల్లి ముందు నిలబడి "తను పెళ్ళి చేసుకోదని చెప్పింది" అని ఉంది. అదే పేరాలో చిన్న చెల్లెలు కూడా ఉంది. నేను ఏమీ అనుకోకుండా వదిలేశాను. సంచిక వచ్చాక కనీసం నలుగురు రచయిత్రికి ఫోన్ చేసి, చెల్లెలి పెళ్ళి గురించి అక్క ఎందుకు నిర్ణయిస్తోందని అడిగారట. "చేసుకోనని" అని ఒక్క అక్షరం మార్చి ఉంటే కథ మొత్తం నిలబడేది. రచయిత్రి నన్నేమీ అనలేదు. ఆ తరవాత నాకు ప్రూఫులు పంపడం మానేసింది, అంతే.

ఇక మీ మూడో వాక్యం: "రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయాలని చెప్పాడు." ఇందులో తిప్పలు వేరు. "చేయాలి" అనే క్రియకి "ను, వు, డు" లాంటి గుర్తులేవీ ఉండవు. "కావాలి", "వద్దు", "తెలుసు" కూడా అంతే. కాబట్టి ఇందాక చెప్పిన ఉపాయం ఇక్కడ పని చెయ్యదు. ఖాళీ చేసేది ఎవరు, చెప్పింది ఎవరు, రెండూ తేలడం లేదు. పై వాక్యంలో సునీత మాట్లాడుతోంది, కింది వాక్యంలో గిరి ఉన్నాడు. మధ్యలో ఈ "చెప్పాడు" ఎవరిదైనా కావచ్చు. గిరే ఆ మాట అన్నాడని కూడా చదువుకోవచ్చు. ఇంకో సంగతి, ఓనర్ ఇచ్చింది ఆదేశం. ఆదేశాన్ని తెలుగులో "చెయ్యమని" అని చెబుతాం: రమ్మని, పొమ్మని, తెమ్మని, ఖాళీ చెయ్యమని. "చేయాలని" అంటే అవసరమో, కోరికో అవుతుంది. "ఇల్లు కొనాలని అనుకున్నాడు" అనేది కోరిక, "ఇల్లు కొనమని చెప్పాడు" అనేది వేరేవాళ్ళకి ఇచ్చిన సలహా. ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోవాలి. వద్దని చెబితే "వెళ్ళొద్దన్నాడు", ఇక్కడ "వెళ్ళకూడదని చెప్పాడు" అని రాస్తే నియమం చదివినట్టుంటుంది.

మరి ఆ ఓనర్ మాట సునీత నోటి వెంట వస్తోంది కదా, రెండు పొరలున్నాయి. రెండు పొరలున్నప్పుడు రెండు "అని"లు పెట్టడం కంటే తెలుగులో ఇంకో చిన్న పరికరం ఉంది, "ట". సునీత మాటని కొటేషన్లలో ఉంచి, ఆమె చేతే "రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలట" అనిపించండి. ఈ మాట ఆమెది కాదు, ఓనర్‌ది అని ఆ "ట" చెప్పేస్తుంది. ఆదేశం ఇక్కడ "చెయ్యాలి"గా మారినా ఇబ్బంది లేదు, "ట" దాన్ని ఓనర్ మెడకి కట్టేసింది. పైగా ఆమెకి ఆ కబురు నచ్చలేదన్న చిన్న విసురు కూడా వినిపిస్తుంది. "ఖాళీ చెయ్యమన్నాడు" అన్నా తప్పులేదు, కాకపోతే అందులో విసురు తక్కువ. ఒక్క జాగ్రత్త: కథ చెప్పేవాళ్ళ గొంతులో, అంటే మీ సొంత వాక్యంలో "ట" పెడితే మీరు ఆ ఊరి అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టవుతుంది. మీ కథకి ఆ గొంతు కావాలో లేదో చూసుకోండి. ఇప్పుడు పంపిన పేరాకి అక్కర్లేదు.

రెండో వాక్యంలో తప్పు అంత తొందరగా కంటికి కనబడదు. "సునీత సాయంత్రం ఓనర్ ఫోన్ చేశాడని చెప్పింది." సాయంత్రం ఫోన్ చేశాడా, సాయంత్రం చెప్పిందా? గిరి వచ్చింది ఎనిమిదింటికి కాబట్టి ఫోనే సాయంత్రం అని మనం ఊహించుకుంటాం. కానీ ఆ సమయం పై వాక్యంలో లేకపోతే ఊహించడానికి ఏమీ ఉండదు. "అని" చెప్పేది మాట ఎక్కడ అయిపోయిందో మాత్రమే. ఎక్కడ మొదలైందో చెప్పదు. క్రియ చివరికి వచ్చే భాష కాబట్టి చదివేవాళ్ళు వాక్యం చివరిదాకా వెళ్ళి, "అని" కనబడ్డాక వెనక్కి చూసుకుంటారు. వెనక్కి చూసినప్పుడు మొదలు కనబడాలి. దానికి నేను చేసేది చాలా చిన్న పని. చెప్పినవాళ్ళ పేరుని "అని" తరవాతకి జరుపుతాను: "సాయంత్రం ఓనర్ ఫోన్ చేశాడని చెప్పింది సునీత." అప్పుడు వాక్యం మొదటి నుంచి "అని" దాకా ఉన్నదంతా ఆమె మాటే. ఒకవేళ సాయంత్రం అనేది చెప్పడానికి సంబంధించినదైతే, "ఓనర్ ఫోన్ చేశాడని సాయంత్రం చెప్పింది సునీత." కాలం చెప్పే మాట ఏ క్రియదో ఆ క్రియకి ముందు ఉండాలి, మధ్యలో "అని" అడ్డు రాకూడదు.

తర్వాత "ఆమె కోపంగా ఉందని అడిగాడు." అడిగాడంటే ప్రశ్న ఉండాలి కదా, ఇక్కడ లోపల ప్రశ్నే లేదు. ఇది ఎక్కువగా సంధి వల్ల జరిగే ప్రమాదం. "వస్తావా" అనే మాటకి "అని" కలిపి "వస్తావని" అని రాసేస్తే ఆ దీర్ఘంతో పాటు ప్రశ్న కూడా పోతుంది. "వస్తావని అడిగాడు" అంటే అర్థం లేదు. "వస్తావా అని అడిగాడు" అని విడిగా రాయాలి. "ఎక్కడికి", "ఎందుకు" లాంటి ప్రశ్న మాట లోపల ఉంటే మాత్రం కలిపినా నష్టం లేదు, "ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు" బాగానే ఉంది. ప్రశ్నని ఆ మాటే మోస్తోంది కాబట్టి. మీ వాక్యానికి మందు, "కోపమొచ్చిందా అని అడిగాడు."

కొటేషన్ల గురించి ఒక మాట. "అని" పాత్రది కాదు, మీది. పాత్ర "వస్తాను" అంటుంది, "అని" మీరు చేర్చారు. అందుకే సంధి చేసి కలిపేశాక కొటేషన్లు పెట్టకూడదు. "రేపు వస్తానని" అని దాన్ని కొటేషన్లలో బంధిస్తే మీ మాటని కూడా పాత్ర నోట్లో పెట్టినట్టే. కొటేషన్లు కావాలంటే "రేపు వస్తాను" అని చెప్పాడు అని విడదీయాలి, వద్దంటే రేపు వస్తానని చెప్పాడు అని కలపాలి. క్రియ "అన్నాడు" అయితే "అని" కూడా అక్కర్లేదు, అందులో ఆ ధాతువే ఉంది. "వస్తాను" అన్నాడు, వస్తానన్నాడు, అంతే. "అని అన్నాడు" తప్పు కాదు గానీ పేజీకి పదిసార్లు వస్తే మోత మోగుతుంది. ఈమధ్య కథల్లో "ఎప్పుడొచ్చావు?" అడిగింది అని "అని" తీసేసి రాస్తున్నారు. కొటేషన్లు ఉన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. "వస్తాను" నవ్వాడు అంటే మాత్రం ఒప్పుకోను. నవ్వడం చెప్పడం కాదు. అక్కడ "అంటూ" పెట్టి, "వస్తాను" అంటూ నవ్వాడు అనండి.

ఆఖరి వాక్యంలో భయం ఉంది. "అడ్వాన్స్ తిరిగి ఇవ్వడని ఆమె భయపడింది." ఇలా రాస్తే ఇవ్వడన్నది ఖాయమైపోయింది, ఆమె ఆ సంగతికి భయపడుతోంది. కానీ ఆమెకి ఇంకా తెలియదు, అనుమానమే. అనుమానాన్ని మోసేది "ఏమో". "ఇవ్వడేమోనని భయపడింది." "ఏమో"కి "అని" చేరేటప్పుడు మధ్యలో "న" వచ్చి "ఏమోనని" అవుతుంది. భయం, బెంగ, అనుమానం, ఆశ లాంటి మాటల ముందు ఒక్కసారి ఆగి, లోపలిది జరిగిపోయిందా, జరగొచ్చా అని చూసుకుంటే ఇలాంటివి తెలిసిపోతాయి. మనసులో తిరిగే ఆలోచనలు రెండుమూడు వరసగా వస్తే ప్రతిదానికీ "అని" పెట్టక్కర్లేదు. "ఇప్పుడే చెప్పాలా, అన్నం తిన్నాక చెప్పాలా, చెబితే ఏమంటాడో అని తటపటాయించింది" అని చివర ఒక్కటి చాలు. కొంతమంది పాఠకులు ఆలోచనని ఒంటి కొటేషన్లలో, మాటని జంట కొటేషన్లలో పెట్టమంటారు. పుస్తకమంతా ఒకే పద్ధతి ఉంటే ఏదైనా సరే.

మొత్తం కథని ఎలా వెతకాలంటారా. కంప్యూటర్‌లో "అని" అని వెతికితే సగమే దొరుకుతాయి. వస్తాడు, అని కలిసి "వస్తాడని" అయ్యాక ఆ "అ" అక్షరం ఎక్కడా ఉండదు. అందుకే నేను కలిసిపోయిన చివర్లని వెతుకుతాను. మొదట "డని". మగ పాత్రల విషయంలో మీ తప్పులు ఎక్కువ అక్కడే ఉంటాయి. ఆడ పాత్రలైతే "దని". తరవాత "రని", గౌరవవాచకాల కోసం. ఆ తరవాత "లని", అంటే "చేయాలని" లాంటివి. చివరికి "వని", అడగడం ఉన్నచోట ప్రశ్న మింగేసిన వాటి కోసం. దొరికిన ప్రతిచోటా ఆగి, "అని" ముందున్న మాటని ఆ మనిషి గొంతుతో పైకి చదవండి. గిరి గొంతుతో "నేను" అని చదవాల్సినచోట "అలసిపోయాడు" అని చదవాల్సి వచ్చిందంటే అక్కడ తప్పుంది. "డని" దొరికినవన్నీ తప్పులని కాదు. "ఓనర్ ఒప్పుకోడని గిరికి తెలుసు"లో ఒప్పుకోనిది ఓనర్, తెలిసింది గిరికి, ఇద్దరూ వేరు, సరిగ్గానే ఉంది.

"తెలుసు"తో మాత్రం ఇద్దరూ ఒకరే అయినప్పుడు కొంచెం సడలింపు ఉంది. "తను తప్పు చేశానని గిరికి తెలుసు" అంటాం, "తను తప్పు చేశాడని గిరికి తెలుసు" అనీ వింటాం. తెలియడం ఒకరు అన్న మాట కాదు కదా. నాకు మొదటిదే ఇష్టం, రెండోదాన్ని ఎర్ర సిరాతో కొట్టను.

మీ కథ "నేను" చెబుతున్నట్టు ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. "రవి నేను వస్తానని చెప్పాడు" అని రాస్తే, రవి తాను వస్తానన్నాడా, నేను వస్తానని నా తరఫున మాటిచ్చాడా? తెలుగులో రెండూ చెల్లుతాయి, వాక్యాన్ని ఎంత తిప్పినా తేలదు. రవి వచ్చేటట్టయితే "తను వస్తానన్నాడు రవి" అనండి. నేను వచ్చేటట్టయితే, "నన్నడక్కుండానే, నేను వస్తానని వాళ్ళకి చెప్పేశాడు రవి" అని సందర్భాన్ని పక్కన పెట్టండి. వేరే దారి లేదు. ఎదుటివాళ్ళ గురించిన మాటకీ అంతే. రవి నాతో "నువ్వు సన్నబడ్డావు" అంటే, "నేను సన్నబడ్డానని రవి అన్నాడు" అనేకంటే, "నువ్వు సన్నబడ్డావన్నాడు రవి" అని ఆ మాటని అలాగే దింపేయడం మేలు.

మీ పేరాని నేను దిద్దితే ఇలా ఉంటుంది:

గిరి ఇంటికి వచ్చేసరికి ఎనిమిదైంది.
"సాయంత్రం ఓనర్ ఫోన్ చేశాడు. రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలట" అంది సునీత.
ఇవాళ బాగా అలసిపోయాననుకున్నాడు గిరి. ఓనర్‌తో రేపు మాట్లాడతానన్నాడు. కోపమొచ్చిందా అని అడిగాడు. సునీత ఏమీ మాట్లాడలేదు. అడ్వాన్స్ తిరిగి ఇవ్వడేమోనని ఆమె భయం.

"రేపు" అలాగే ఉంచాను. "మర్నాడు మాట్లాడతానన్నాడు" అని కూడా రాయొచ్చు, వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ వంటింటి గుమ్మంలో నిలబడ్డ మనిషి గొంతు అందులో వినబడదు. అదే ఈ సంగతి మూడు వారాల తరవాత సునీత గుర్తు చేసుకుంటున్నట్టు రాస్తుంటే మాత్రం "మర్నాడు" అనే పెట్టండి. లేకపోతే ఏ రోజుకి రేపో తెలియక, పాఠకులు వేళ్ళు మడిచి లెక్క పెట్టుకోవాల్సి వస్తుంది.